ఎక్కడిదాకా వచ్చారో చెప్పి అడగండి

స్టాటిస్టిక్స్ క్లాసు జరుగుతోంది. వేరియన్స్ లెక్కలో తేడాల వర్గాలన్నీ కూడి, సారు n తో కాకుండా n-1 తో భాగించారు. "డౌట్స్ ఏమైనా ఉన్నాయా?" అని అడిగారు. అందరి చూపులూ నోట్‌బుక్కుల్లోకి దిగిపోయాయి.

ఇలాంటి మౌనాన్ని 1987లో మిల్లర్, మెక్‌ఫార్లండ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు పరీక్షించి చూశారు. కావాలనే కొరుకుడుపడని వ్యాసం ఒకటి విద్యార్థులకిచ్చి, అర్థం కాకపోతే వచ్చి అడగమన్నారు. ఒక్కరూ వెళ్లలేదు. తాను మాత్రం సిగ్గుతో ఆగానని, మిగతావాళ్లకు అర్థమైంది కాబట్టే అడగలేదని ఎవరికి వారు అనుకున్నారు.

సరే, ధైర్యం చేసి "అర్థం కాలేదు సార్" అన్నామనుకోండి. మనం ఎక్కడ ఆగిపోయామో ఆయనకు తెలియదు కాబట్టి పాఠం మొదటినుంచీ చెబుతారు. మనం మళ్లీ అక్కడే ఆగిపోతాం. రెండోసారి అడగాలంటే మొహమాటం.

అదే ప్రశ్న ఇలా అడిగి చూడండి: "సార్, 2, 4, 6 తీసుకున్నాను. సగటు 4, తేడాల వర్గాల మొత్తం 8. ఇక్కడిదాకా వచ్చింది. ఉన్నవి మూడు అంకెలు కదా, రెండుతో ఎందుకు భాగిస్తున్నాం?" అర్థమైన చివరి మెట్టు, అర్థం కాని మొదటి మెట్టు రెండూ ఇందులో ఉన్నాయి. పని చేసుకొచ్చిన మనిషి అడుగుతున్నాడని వినేవాళ్లకు తెలిసిపోతుంది.

జవాబు కూడా సూటిగా ఆ మెట్టు మీదికే వస్తుంది. ఈ మూడూ పెద్ద గుంపులోంచి తీసిన నమూనా మాత్రమే. గుంపు అసలు సగటు 5 అయితే, దాన్నుంచి కొలిచిన తేడాల వర్గాల మొత్తం 9+1+1, అంటే 11. నమూనా సొంత సగటు నుంచి కొలిస్తే వచ్చింది 8. సొంత సగటుతో కొలిచిన మొత్తం ఎప్పుడూ అసలు సగటుతో కొలిచినదాన్ని మించదు. ఆ లోటు పూడ్చడానికే తక్కువ సంఖ్యతో భాగిస్తాం.

"అయితే ఒకటే ఎందుకు తగ్గించాలి?" అన్నది తర్వాతి ప్రశ్న. దీనికి సమయం పడుతుంది కాబట్టి క్లాసు తర్వాత అడగడం మేలు. అమెరికా యూనివర్సిటీల్లో ఇందుకే ప్రొఫెసర్లు వారంలో కొన్ని గంటలు కేటాయించి సిలబస్ కాగితంలోనే రాస్తారు. వాటినే ఆఫీస్ అవర్స్ అంటారు. ఎమ్మెస్‌కు వెళ్లిన మన పిల్లలు అవి తప్పు చేసినవాళ్లను పిలిపించే వేళలు అనుకోనక్కర్లేదు. మీరు చేసిన లెక్క కాగితం తీసుకెళ్లి బల్ల మీద పెట్టండి. ఆయన -2, 0, 2 అనే తేడాలు చూపించి, వాటి మొత్తం ఎప్పుడూ సున్నా కాబట్టి రెండు తెలిస్తే మూడోది దానంతటదే తేలిపోతుందని, స్వేచ్ఛగా మారగలిగేవి రెండేనని చెబుతారు.

అక్కడ తల ఊపి లేచి రాకండి. 1, 4, 10 రాసి, సగటు 5 నుంచి తేడాలు వేయండి. మూడో తేడాను వేలితో మూసి, -4, -1 లను బట్టి అదెంతో ఆయనకే చెప్పండి. 5 అని, ఎందుకో కూడా చెప్పగలిగితే అర్థమైనట్టే. చెప్పలేకపోతే, ఆ కాగితం ఇంకా బల్ల మీదే ఉండగా అడిగేయండి.