దోస్తులు పెట్టే పేర్లు: సరదా ఎక్కడ ఆగాలి?

"అరే మోటూ, సలాం రా! ఇంకా లావయ్యావేంటి?" చిన్నప్పటి దోస్తులు కలిస్తే సలాంకు జవాబు రాకముందే ఇలాంటి మాట వచ్చేస్తుంది. లంబూ, బక్కోడు, టక్లా, కాలూ... దాదాపు ప్రతి గుంపులో ఈ పేర్లు ఉంటాయి. బయటివాళ్లు అంటే గొడవయ్యే మాటకు దోస్తు అంటే నవ్వేస్తారు. మర్యాదలు అక్కర్లేనంత దగ్గరివాళ్లం అని చెప్పుకునే పద్ధతి అది. ఆ దోస్తే ఓ రోజు "మీరు" అని పిలిస్తే, "కోపమొచ్చిందా ఏంటి?" అని అడుగుతారు.

మరి అదే పేరు ఎప్పుడు గుచ్చుకుంటుంది? స్కూలు రోజుల నుంచి 'మోటూ' అనిపించుకున్న ఒక యువకుడిని తీసుకోండి. చాయ్ హోటల్లో దోస్తు అలా పిలిస్తే "ఏరా లంబూ" అని తిరిగి అంటాడు. లెక్క సరిపోతుంది. అదే పిలుపు అతని వలీమా దావత్‌లో, కొత్త అత్తమామల ముందు వినిపిస్తే తిరిగి అనే వీలుండదు. అందరితోపాటు తనూ నవ్వుతాడు, కానీ ఆ నవ్వు ఒప్పుకోలు కాదు. డాక్టర్ షుగర్ ఉందని, బరువు తగ్గమని చెప్పిన వారంలో అదే పేరు ఇంకా బరువుగా తగులుతుంది. పేరు మారలేదు, చోటు, సమయం మారాయి.

ఖుర్ఆన్ అల్ హుజురాత్ సూరా 11వ ఆయతు ఎగతాళిని, చెడ్డ పేర్లతో పిలవడాన్ని వారిస్తుంది. దాని నేపథ్యం గురించి అబూ దావూద్ గ్రంథంలో ఒక హదీసు ఉంది. మదీనాలో బనూ సలిమా తెగవారికి ఒక్కొక్కరికి రెండు మూడు పేర్లు ఉండేవి. దైవప్రవక్త (స) ఒకరిని అలాంటి పేరుతో పిలిస్తే, "ఆ పేరంటే ఆయనకు కోపం" అని పక్కవాళ్లు చెప్పారు. అప్పుడు ఈ ఆయతు అవతరించింది. ఇక్కడ చూడాల్సింది పిలిచేవారి ఉద్దేశం కాదు, పిలిపించుకునేవారి మనసు.

అలాగని ముద్దుపేర్లన్నీ తప్పు కాదు. మస్జిదులో మట్టి అంటిన వీపుతో పడుకున్న హజ్రత్ అలీ (ర)ను ప్రవక్త (స) 'అబూ తురాబ్', అంటే మట్టివాడా, అని లేపారు. ఆ పేరంటే అలీ (ర)కు ఎంతో ఇష్టమని బుఖారీ హదీసు చెబుతుంది.

దోస్తుకు నచ్చలేదని ఎలా తెలుస్తుంది? తిరిగి ఆటపట్టించడం మానేస్తాడు. నవ్వి వెంటనే మాట మారుస్తాడు. అదే దోస్తు ఉన్న చోటికి రావడం తగ్గిస్తాడు. అప్పుడు "సరదాకే అన్నా" అని వాదిస్తే గాయం పెద్దదవుతుంది. ఒంటరిగా ఉన్నప్పుడు "ఆ పేరు నీకు ఇబ్బందిగా ఉందా?" అని అడగడం మేలు. అవునంటే, మిగతా దోస్తుల ముందు అసలు పేరుతో పిలవడం మొదలుపెడితే చాలు. ఒకరు మానేస్తే మిగతావాళ్లకూ విషయం అర్థమవుతుంది.