ఒక్క సూది, ఇరవై పోట్లు

మా వీధిలో ఉండే పెద్దాయన రోజూ పొద్దున, రాత్రి ఇన్సులిన్ తీసుకుంటారు. పెన్నుకు తగిలించిన సూదిని పది రోజులకోసారి మార్చేవారు. అంటే ఒక్క సూదితో ఇరవై పోట్లు. "మొదట్లో తెలిసేదే కాదమ్మా, ఇప్పుడు పట్టి లాగినట్టు నొప్పి" అన్నారు నాతో.

ఆ నొప్పికి కారణం సూది మొనలోనే ఉంది. పెన్ను సూది మందం సుమారు పావు మిల్లీమీటరు. మొనను ఏటవాలుగా చెక్కి, చర్మంలోకి సులువుగా జారేందుకు పైన సన్నని సిలికాన్ పూత వేస్తారు. గుచ్చిన కొద్దీ ఆ పూత అరిగిపోతుంది, మొన మొద్దుబారుతుంది. ఒక్కోసారి చిన్న కొక్కెంలా వంగుతుంది కూడా. కంటికి కనిపించదు, సూక్ష్మదర్శినిలో కనిపిస్తుంది. అలాంటి మొన చర్మాన్ని చీల్చుకుంటూ పోతుంది కాబట్టే నొప్పి, రక్తపు చుక్క, కమిలిన మచ్చ. స్పిరిట్‌తో తుడిస్తే మిగిలిన పూత కూడా పోతుంది. సిరంజి సూదైతే ప్రతిసారీ ముందు సీసా రబ్బరు మూతను, తర్వాత చర్మాన్ని గుచ్చాలి.

ఇక గడ్డల సంగతి. ఇన్సులిన్‌కు కొవ్వు కణాలను పెంచే గుణం ఉంది. ఒకేచోట మళ్లీమళ్లీ గుచ్చితే అక్కడి కొవ్వు ఉబ్బి, మెత్తని రబ్బరులా గట్టిపడుతుంది. పాత సూది చేసే గాయం ఈ ముప్పును పెంచుతుంది. గడ్డ మీద నొప్పి తక్కువగా ఉండటంతో చెయ్యి మళ్లీ అక్కడికే పోతుంది.

పెద్దాయనకూ బొడ్డు పక్కన నిమ్మచెక్కంత గడ్డ తేలింది. గడ్డలోంచి ఇన్సులిన్ రక్తంలోకి సరిగా చేరదు. షుగర్ తగ్గడం లేదని మోతాదు 20 యూనిట్ల నుంచి 26కు పెంచారు. ఒకరోజు కూతురింట్లో తొడకు వేసుకున్నారు. అక్కడ మందు పూర్తిగా పనిచేసి షుగర్ పడిపోయింది, చెమటలు, వణుకు. పంచదార నీళ్లు తాగాకే తేరుకున్నారు. అందుకే గడ్డను వదిలి కొత్తచోటికి మారేముందు మోతాదు తగ్గించాలేమో డాక్టరును అడగాలి, కొన్నాళ్లు షుగర్ తరచూ చూసుకోవాలి.

గడ్డ కంటికి కనబడకపోవచ్చు. స్నానం చేసేటప్పుడు సబ్బు చేత్తో పొట్ట, తొడలు మెల్లగా తడిమితే తెలుస్తుంది. పక్కన మడత పలచగా పట్టుబడుతుంది, గడ్డ దగ్గర దళసరిగా ఉంటుంది. అక్కడ గుచ్చడం మానేస్తే చాలా గడ్డలు నెలల్లో మెత్తబడతాయి.

ప్రతి పోటుకూ కొత్త సూది వాడాలి. వేసుకున్న వెంటనే పెన్ను నుంచి తీసెయ్యాలి. ఉంచేస్తే గాలి లోపలికి పోతుంది, మందు కారుతుంది. కిందటి పోటుకు వేలెడు వెడల్పు దూరంలో గుచ్చాలి. వాడినవాటిని గట్టి ప్లాస్టిక్ డబ్బాలో వేసి మూత పెట్టాలి. పెద్దాయన ఇప్పుడు పొద్దున పొట్టకు కుడివైపు, రాత్రి ఎడమవైపు వేసుకుంటున్నారు. పాత గడ్డ చుట్టూ పెన్నుతో గీత గీసుకున్నారు, చెయ్యి మరిచిపోయి అటు పోకుండా.