గొంతు ఒకటే, స్వరం వేరు

అమెరికాలోని ఈమెయిల్ కంపెనీ మెయిల్‌చింప్ తన రాత నియమాలను అందరూ చదివేలా బయటపెట్టింది. గొంతు ఎప్పుడూ ఒకటే, స్వరం మాత్రం చదివేవారి మనఃస్థితిని బట్టి మారాలన్నది అందులో ముఖ్యసూత్రం. ‘నింజా’, ‘రాక్‌స్టార్’ లాంటి మాటలు వద్దంటుంది.

ఇదే పద్ధతిలో ఒక పచ్చళ్ల స్టార్టప్‌ని ఊహిద్దాం. పార్సిల్ కదిలినప్పుడు ‘ఆవకాయ బయల్దేరింది, అన్నం వండుకోండి’ అనొచ్చు. డబ్బు కట్ అయి ఆర్డర్ పడకపోతే మాత్రం చమత్కారం పనికిరాదు: ‘ఆర్డర్ నమోదు కాలేదు. మీ రూ.450 మూడు రోజుల్లో తిరిగొస్తుంది.’

‘వినియోగదారులు’ బదులు ‘మీరు’, ‘అసౌకర్యానికి చింతిస్తున్నాం’ బదులు ‘పొరపాటు మాదే’ అని రాసుకోవాలి. ‘అమ్మ చేతి రుచి’ నిషిద్ధం. ఆ మాట ప్రతి సీసా మీదా ఉంటుంది.

చివరగా ఒక పరీక్ష. పేరు మూసి చదివితే అది పోటీదారు ప్రకటనలా ఉందా? అయితే జాబితా ఇంకా పూర్తి కాలేదు.