ఎదురు ప్లాటు ఎంతకు పోయింది?

స్థలం కొనబోయే ప్రతివాళ్లూ వినే మాట ఒకటుంది: ‘ఇక్కడ గజం పాతిక వేలు పలుకుతోందండీ.’ పలకడం వేరు, అమ్ముడుపోవడం వేరు. బోర్డు మీద రాసింది, మధ్యవర్తి నోట వచ్చింది అమ్మేవాడి ఆశే. డబ్బు చేతులు మారి రిజిస్ట్రేషన్ అయిన ప్లాట్లే మనకు ఆధారం.

వాటి ధర ఎలా తెలుస్తుంది? ఆ ప్లాటు ఈసీ తీస్తే క్రయ దస్తావేజులో చూపిన మొత్తం కనిపిస్తుంది. చాలామంది ప్రభుత్వ మార్కెట్ విలువకే రాయించుకుంటారు కాబట్టి దాన్ని అసలు ధర అనుకోకూడదు. అయితే ఈసీలోనే ఇంకో ఆనవాలు దొరుకుతుంది. కొన్నవాళ్లు బ్యాంకు అప్పు తీసుకుంటే, దస్తావేజులు బ్యాంకులో పెట్టినట్టు అప్పు మొత్తంతో సహా ఆ వెంటనే నమోదవుతుంది. బ్యాంకు దస్తావేజు ధరను చూసి అందులో కొంత శాతమే ఇస్తుంది కాబట్టి, అలాంటి అమ్మకాల్లో రాసిన ధర నిజానికి కాస్త దగ్గరగా ఉంటుంది. ఇంటి నిర్మాణానికీ కలిపి ఇచ్చిన అప్పయితే మాత్రం ఈ లెక్క పనికిరాదు. మిగతాది కొన్నవాళ్లనే అడగాలి. అమ్మినవాళ్లు పెంచి చెబుతారేమో గానీ, కొన్నవాళ్లు సాధారణంగా ఉన్నదే చెబుతారు.

ఒక ఉదాహరణ చూద్దాం. అంకెలు లెక్క కోసం వేసుకున్నవే. గుంటూరు శివార్లలో ఒక లేఅవుట్. మీరు చూసిన ప్లాటు తూర్పు ముఖం, 36 అడుగుల వెడల్పు, 50 అడుగుల లోతు. అంటే 1,800 చదరపు అడుగులు. గజానికి 9 చదరపు అడుగులు కాబట్టి సరిగ్గా 200 గజాలు. కాగితం మీద ముందు 30 అడుగుల రోడ్డు. యజమాని గజం 25,000 అంటున్నాడు. ‘పోయిన నెల పక్క రోడ్డులో అదే ధరకు పోయింది’ అంటాడు. అది అబద్ధం కాదు, కానీ ఆ ప్లాటు 40 అడుగుల రోడ్డు మీద ఉంది.

అదే లేఅవుట్‌లో ఏడాది కిందట, ఇంచుమించు ఒకే సమయంలో, రెండు తూర్పు ముఖం ప్లాట్లు అమ్ముడయ్యాయి. 40 అడుగుల రోడ్డుది గజం 23,000కు, 30 అడుగుల రోడ్డుది 20,000కు. ముఖం, సైజు, కాలం ఒకటే అయినప్పుడు తేడా ఆ 3,000 రోడ్డుదే అనుకోవచ్చు. పోయిన నెల 25,000లోంచి ఆ మూడు వేలు తీసేస్తే 22,000. ఇంకో దారిలోనూ చూద్దాం. 40 అడుగుల రోడ్డు మీద ఏడాదిలో ధర 23 నుంచి 25 వేలకు, అంటే దాదాపు 9 శాతం పెరిగింది. 20,000కు ఆ పెరుగుదల కలిపితే 21,700 పైచిలుకు. రెండు దారులూ ఒకే చోటికి చేరాయి కాబట్టి అంకె నమ్మదగ్గదే. చేరకపోతే ఏదో అమ్మకం అవసరానికి తెగనమ్మిందో, బంధువుల మధ్య జరిగిందో అయి ఉంటుంది. దాన్ని పక్కన పెట్టాలి.

ఇప్పుడు టేపు తీసుకెళ్లండి. ఇది చాలామంది చేయరు. దస్తావేజు హద్దుల్లో ‘తూర్పు: 30 అడుగుల రోడ్డు’ అని ఉంటుంది, గోడ నుంచి గోడకు కొలిస్తే మీ ప్లాటు దగ్గర 22 అడుగులే వచ్చిందనుకోండి. ఇంటి ప్లాను అనుమతికి వెళ్లినప్పుడు రోడ్డు లోటులో సగం మీ వైపు వదలమనడం మామూలు. లోటు 8, మీ వంతు 4 అడుగులు. 36 అడుగుల ముఖానికి 144 చదరపు అడుగులు, అంటే 16 గజాలు పోతాయి. మీకు మిగిలేవి 184. వాటికి 22,000 చొప్పున 40.48 లక్షలు. యజమాని చెప్పే 200 గజాలతో భాగిస్తే గజం 20,240 పడుతుంది. పోల్చిన 30 అడుగుల ప్లాటు ముందు రోడ్డు కూడా ఇలాగే ఇరుకైతే ఆ కోత దాని ధరలో అప్పటికే ఉంటుంది, రెండోసారి కోయకూడదు. అందుకే దాని ముందూ టేపు పట్టాలి.

లేఅవుట్ లోపలి రోడ్డు ఎంత వెడల్పున్నా, మెయిన్ రోడ్డు నుంచి అక్కడికి వచ్చే దారి ఎవరి పట్టా భూమిలోంచో పోతోందేమో గ్రామపటంలో చూసుకోండి. అలా ఉంటే ఈ లెక్కలేవీ నిలబడవు. వీధిపోటు ప్లాటుకు మీకు పట్టింపు లేకపోయినా తగ్గించే అడగండి. రేపు మీ దగ్గర కొనేవాడికి ఉంటుంది.

అగ్రిమెంటులో మొత్తం ధర ఒక్కటే రాయించుకోకండి. గజం ధర, కొలిచి వచ్చిన గజాలు, ముందున్న రోడ్డు అసలు వెడల్పు మూడూ రాయించాకే అడ్వాన్సు ఇవ్వండి.