చేప గిన్నెలో ఉందా, బట్ట మీద ఉందా?

పెళ్ళిచూపులు అయిన మూడో రోజు రాత్రి మా అక్క కూతురు వీడియో కాల్ చేసింది. అబ్బాయి డాలస్‌లో ఉద్యోగం, ముప్పై మూడేళ్ళు, మూడు వారాల సెలవు మీద హైదరాబాద్ వచ్చాడు. ఆదివారం పెద్దవాళ్ళందరి మధ్యా కూర్చుని కాఫీ తాగాడు, పెద్దగా మాట్లాడలేదు. గురువారం ఇద్దరూ విడిగా కలుసుకోవాలి. "పిన్నీ, ఈ మనిషి ఎలాంటివాడో ఒకసారి నీ కార్డులు తీసి చూడవా" అంది. తీశాను. మధ్యలో పడిన కార్డులో బంగారు గిన్నె పట్టుకున్న ఒక యువకుడు కనిపించగానే అది ఎగిరి గంతేసింది. "నైట్ ఆఫ్ కప్స్! సముద్రాలు దాటి వచ్చాడు కదా మరి."

నైట్ కాదు. అది పేజ్ ఆఫ్ కప్స్. సంబంధాల గురించి కార్డులు తీసేవాళ్ళు తరచూ తడబడేది ఈ ఇద్దరి దగ్గరే.

మన పేకలో రాజు, రాణి, జాకీ ఉంటారు. టారో పేకలో ఒక్కో రంగుకీ నలుగురుంటారు: కింగ్, క్వీన్, నైట్, పేజ్. మొత్తం 78 కార్డుల్లో ఇలాంటి కొలువు కార్డులు పదహారు. కప్పుల రంగును మన ఆటీనుతో పోలుస్తారు కాబట్టి మనసు, ప్రేమ, బంధుత్వం దాని సొంతం. పేజ్ అంటే కొలువులో పని నేర్చుకునే కుర్రాడు. నైట్ అంటే గుర్రమెక్కిన యోధుడు. వరుడి గురించి అడిగినప్పుడు ఈ ఇద్దరిలో ఎవరు వచ్చినా "ప్రేమగలవాడు, సున్నితమైనవాడు" అని చెప్పి ఊరుకునేవాళ్ళున్నారు. అది తప్పు కాదు గానీ, పెళ్ళి చేసుకోబోయే పిల్లకు దానివల్ల ఒరిగేదేమీ లేదు.

తేడా తెలియాలంటే బొమ్మ చూడాలి. ఇక్కడ నేను చెప్పేది ఎక్కువమంది దగ్గర ఉండే రైడర్ వెయిట్ కట్ట సంగతి. 1909లో లండన్‌లో వచ్చింది. ఆలోచన ఆర్థర్ ఎడ్వర్డ్ వెయిట్‌ది, బొమ్మలు వేసింది పమేలా కోల్‌మన్ స్మిత్ అనే చిత్రకారిణి.

పేజ్ ఆఫ్ కప్స్‌లో కుర్రాడు నీటి ఒడ్డున నిలబడి ఉంటాడు. వెనక అలలు కదులుతుంటాయి గానీ అతను కదలడు. ఒక చెయ్యి నడుం మీద, ఇంకో చేతిలో గిన్నె. ఆ గిన్నెలోంచి ఒక చేప తల బయటపెట్టి అతన్ని చూస్తుంటుంది. అతనూ దాన్నే చూస్తుంటాడు. భయం లేదు, నవ్వూ లేదు. "నువ్వెక్కడి నుంచి వచ్చావు?" అని అడుగుతున్నట్టుంటుంది ఆ ముఖం. తన గిన్నెలో ఏముందో తనకే ఇప్పుడిప్పుడే తెలుస్తోంది. దాన్ని ఇంకొకరికి అందించాలన్న ఊహ ఇంకా పుట్టలేదు.

నైట్ ఆఫ్ కప్స్‌లో మనిషి లేత రంగు గుర్రం మీద కుడివైపు సాగుతుంటాడు. గిన్నెను ముందుకు చాచి పట్టుకుంటాడు, ఎవరికో ఇవ్వడానికే బయల్దేరినట్టు. కవచం ఉంది, చేతిలో ఆయుధం లేదు. తలపాగుకీ మడమలకీ రెక్కలు. గుర్రం దౌడు తీయదు. కత్తుల రంగులో నైట్ గాలిని చీల్చుకుంటూ దూసుకుపోతాడు. ఇతను మాత్రం ఊరేగింపులో పెళ్ళికొడుకులా నింపాదిగా వస్తాడు. ఎదుట ఒక ఏరు ఉంది, దాన్ని ఇంకా దాటలేదు.

ఇక్కడ చాలామంది గమనించని సంగతి ఒకటుంది. నైట్ కవచం మీద తొడుక్కున్న బట్ట నిండా చేప బొమ్మలు! పేజ్‌కి ప్రాణంతో ఎదురైన చేప, నైట్ దగ్గరికి వచ్చేసరికి బట్ట మీద అచ్చయిపోయింది. పమేలా ఏమనుకుని వేసిందో గానీ, నేను కార్డు చదివేది ఈ చేపను పట్టుకునే. పేజ్‌కి ప్రేమ ఒక ఆశ్చర్యం. నైట్‌కి అది అలవాటైన వేషం. మంచి అర్థంలోనూ, అంత మంచిది కాని అర్థంలోనూ.

మంచి అర్థంలో నైట్ మాట నేర్చినవాడు. తనకేం కావాలో తెలుసు, దాన్ని చెప్పగలడు, నలుగురి ముందూ అడగగలడు. వెయిట్ ఈ కార్డుకిచ్చిన అర్థాల్లో రాక, ప్రతిపాదన, ఆహ్వానం ఉన్నాయి. కాబట్టి సంబంధం గురించి అడిగినప్పుడు నైట్ పడితే ఎవరో ఏదో అడగబోతున్నారన్నమాట. కానీ గిన్నె అందించాక ఏం చేస్తాడో ఆ కార్డులో లేదు. ప్రేమను అర్పించే ఘట్టం మీదే అతనికి మోజు. అది అయిపోయాక గుర్రం ఇంకో దారి పట్టవచ్చు. ఇలాంటివాడిని అంచనా వెయ్యాలంటే మాటలకు తేదీలున్నాయా అని చూడాలి. "మీ అమ్మావాళ్ళతో మాట్లాడతాను" అన్నవాడు ఏ ఆదివారం అన్నది కూడా చెప్తే ఏరు దాటినట్టు.

పేజ్ గురించి వెయిట్ చెప్పేది వేరు. సేవ చెయ్యాలనుకునే యువకుడు, చదువరి, ఆలోచనాపరుడు, ఒక కబురు. ఈ చివరిది గుర్తుంచుకోవాలి. పేజ్ కొన్నిసార్లు మనిషే కాడు, ఒక ఫోనో, వాట్సాప్ సందేశమో అవుతాడు. అందుకే కార్డు తీసేముందు ప్రశ్న తేల్చుకోవాలి. "ఏం జరుగుతుంది" అని అడిగి తీస్తే పేజ్‌ను కబురుగా చదవాలి. "అతను ఎలాంటివాడు" అని అడిగి తీస్తే మనిషిగా. కార్డు పడ్డాక ప్రశ్న మార్చడం అంటే పేకాటలో ముక్కలు చూసుకుని పందెం వెయ్యడమే.

వయసును బట్టి తేల్చేవాళ్ళున్నారు. పాతికలోపు అయితే పేజ్, దాటితే నైట్ అని. దీని మీద నాకు అస్సలు నమ్మకం లేదు. అడిగే మనిషికి ప్రతినిధిగా ఒక కార్డు ఎంచుకునేటప్పుడు వెయిట్ పెట్టిన లెక్క చూస్తే నవ్వొస్తుంది. నలభై దాటిన మగవాడికి నైట్, నలభై లోపువాడికి కింగ్, వయసులో ఉన్న ఆడవాళ్ళకు పేజ్! ఒంటిరంగు లెక్క ఇంకా విచిత్రం. కప్పులు లేత గోధుమరంగు జుట్టువాళ్ళవట, నల్ల జుట్టు, నల్ల కళ్ళు ఉంటే పెంటకిల్స్ అట. ఆ లెక్కన ఆదిలాబాద్ నుంచి చిత్తూరు దాకా మనందరం ఒకే రంగులో ఇరుక్కోవాలి. ఇంగ్లండువాళ్ళు వాళ్ళ వాళ్ళను చూసుకుని రాసుకున్న పట్టిక అది, మనం వదిలేయవచ్చు.

కట్ట ఏదో కూడా చూసుకోవాలి. అలిస్టర్ క్రౌలీ, ఫ్రీడా హారిస్ కలిసి చేసిన థోత్ కట్టలో పేజ్ లేడు, ఆ చోట ప్రిన్సెస్ ఉంటుంది. అందులో నైట్ కొలువులో పెద్దవాడు, మిగతా కట్టల్లో కింగ్ కూర్చునే చోటు అతనిది. ఈ కట్ట అర్థాలు తెచ్చి ఆ కట్టకు తగిలిస్తే వరుడు తారుమారవుతాడు.

తలకిందులుగా పడితే ఇద్దరూ మోసం వైపే మొగ్గుతారు, కాని ఒకే రకంగా కాదు. తిరగబడ్డ నైట్‌కి వెయిట్ కపటం, దగా అని రాశాడు. చెప్పేది ఒకటి చేసేది ఒకటి అని తెలిసే చేస్తాడు. తిరగబడ్డ పేజ్‌కి ఇష్టం, వ్యామోహం, వంచన అన్నీ కలిపి రాశాడు. నా అనుభవంలో ఆ పేజ్ ముందు తనను తాను మోసం చేసుకుంటాడు, ఆ తర్వాతే ఎదుటివాళ్ళను.

ఇక మా పిల్ల కార్డులు. ఎడమవైపు కింగ్ ఆఫ్ పెంటకిల్స్, మధ్యలో పేజ్ ఆఫ్ కప్స్, కుడివైపు టూ ఆఫ్ సోర్డ్స్. మూడూ నిటారుగానే.

కింగ్ ఆఫ్ పెంటకిల్స్ ద్రాక్షతీగల మధ్య సింహాసనం మీద కూర్చున్న ఆస్తిపరుడు, వెనక కోట. పేజ్ వీపు వెనక అలాంటి పెద్దమనిషి ఉన్నాడంటే, ఈ కుర్రాడు తనంతట తాను బయల్దేరలేదని నేను చదివాను. టికెట్టు ఇంటివాళ్ళ మాట మీద కొని ఉండాలి. టూ ఆఫ్ సోర్డ్స్‌లో కళ్ళకు గంతలు కట్టుకున్న ఒకామె రెండు కత్తులు అడ్డంగా పట్టుకుని నీళ్ళకు వీపుపెట్టి కూర్చుంటుంది. అంటే ఇంకా ఏదీ తేల్చుకోలేదు.

అదే మధ్యలో నైట్ పడి ఉంటే కథ వేరు. నైట్ కుడివైపు వెళ్తాడు కాబట్టి కుడి కార్డు అతని గమ్యం అవుతుంది. అప్పుడు, అడగడానికి సిద్ధపడి వచ్చాడు గానీ అటువైపు మనిషి కళ్ళ గంత విప్పడం లేదు అని చదివేదాన్ని. ఆ కళ్ళ గంత మా పిల్లదే అయ్యేది. పేజ్ కాబట్టి అది అబ్బాయిది.

"అంటే ఇష్టం లేదా?" అంది ముఖం వేలాడేసి.

"లేదని కార్డు చెప్పట్లేదే. ఇంకా తెలియదని చెప్తోంది. గిన్నెలో చేప ఉంది, అది తల బయటపెట్టిందో లేదో అడిగి తెలుసుకో" అన్నాను. ఒక ప్రశ్న కూడా చెప్పాను: మీరే వచ్చారా, మీవాళ్ళు పంపితే వచ్చారా? నైట్ అయితే దీనికి అందమైన జవాబు రెడీగా ఉంటుంది. పేజ్ అయితే తడబడతాడు, నిజం చెప్తాడు.

ఇదంతా నిజమవుతుందా అంటే, నమ్మమని నేను ఎవరికీ చెప్పను. టారో పుట్టింది 15వ శతాబ్దపు ఉత్తర ఇటలీలో, అదీ పేకాటగా. జోస్యానికి వాడుక పెరిగింది 18వ శతాబ్దపు ఫ్రాన్సులో. ఆ రాత్రి అబ్బాయి గురించి మా పిల్లకు తెలిసినదానికన్నా కార్డులకు ఎక్కువేమీ తెలియదు. ఒక్కటి మాత్రం జరిగింది. అంతదాకా అబ్బాయి జీతం, వీసా, అపార్ట్‌మెంటు గురించే అడగాలనుకున్న పిల్ల ఆ ఒక్క ప్రశ్న రాసుకుని వెళ్ళింది.

గురువారం సాయంత్రం ఫోన్ వచ్చింది. ఆ ప్రశ్న అడగ్గానే అబ్బాయి కాఫీ కప్పు కింద పెట్టేశాడట. కాసేపు టేబుల్ వైపే చూసి, "నాన్న టికెట్ బుక్ చేశారండీ. నాలుగు సంబంధాలు చూసి వెళ్ళిపోదామని వచ్చాను. ఆదివారం నుంచి మిగతా మూడూ చూడబుద్ధి కావట్లేదు, ఎందుకో నాకే అర్థం కావట్లేదు" అన్నాడట.

"మరి నువ్వేమన్నావే?"

"ఏమంటాను పిన్నీ. నేనూ చేపనే చూస్తూ కూర్చున్నాను."