ఒక డిగ్రీ పొడవెంత?

సంక్రాంతి సెలవులకి వచ్చిన మా మేనకోడలు కాలిక్యులేటర్ పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. ఇంటర్ చదువుతోంది, అవధుల పాఠం దగ్గర ఆగిపోయింది. "మామయ్యా, x సున్నాకి దగ్గరవుతుంటే sin x / x విలువ 1కి దగ్గరవుతుందని పుస్తకంలో ఉంది. నాకు రావట్లేదు, చూడు" అంది.

0.01కి సైన్ నొక్కి, వచ్చినదాన్ని 0.01తో భాగించింది. 0.017453 వచ్చింది. 0.001తో చేసినా అదే అంకె. ఇంకా చిన్న సంఖ్య తీసుకున్నా మారలేదు. కాలిక్యులేటర్ తెర పైన చిన్న D అక్షరం వెలుగుతోంది. దాన్ని R చేసి మళ్ళీ 0.01 వేయమన్నాను. ఈసారి 0.99998 వచ్చింది.

"అయితే డిగ్రీల్లో చెయ్యకూడదా? తప్పా?" అని అడిగింది.

చాలామంది పిల్లలకి ఇక్కడ "రేడియన్లలోనే చెయ్యాలి" అని ఒక నియమం చెప్పి ముందుకి తీసుకెళ్ళిపోతారు. ఆ నియమం ఎందుకో చెప్పకపోతే అది గుడ్డిగా గుర్తుపెట్టుకునే మాటగానే మిగిలిపోతుంది. నిజానికి డిగ్రీల్లో చేస్తే తప్పేమీ లేదు. అక్కడా అవధి ఉంది, అది ఖచ్చితమైన సంఖ్యే: πని 180తో భాగిస్తే వచ్చే 0.0174532... కాలిక్యులేటర్ చూపించింది దాన్నే. తేలాల్సిన సంగతి ఒక్కటే: ఒకచోట 1, ఇంకోచోట 0.01745 ఎందుకు వస్తున్నాయి?

దీనికి కాగితం కన్నా డాబా మంచిదనిపించింది. సుద్దముక్క, పురికొస, టైలర్ టేపు తీసుకుని పైకి వెళ్ళాం. పురికొసని 57.3 సెంటీమీటర్లకి కొలిచి, ఒక కొస మేకుకి కట్టి, రెండో కొసకి సుద్ద కట్టి గచ్చు మీద పావు వృత్తం గీశాం. కేంద్రం నుంచి అడ్డంగా ఒక వ్యాసార్థం కూడా గీశాం. తర్వాత టేపుని నిలువుగా పట్టుకుని, ఆ వంపు గీత వెంబడే వంచుతూ కొలవమన్నాను. పావు వృత్తం పొడవు 90 సెంటీమీటర్లు వచ్చింది.

పావు వృత్తమంటే 90 డిగ్రీలు. అంటే ఈ వృత్తం మీద ఒక్కో డిగ్రీకి ఒక్కో సెంటీమీటరు చాపం. 57.3 కొలత ఎంచుకున్నది అందుకే. ఇక కోణమానిని అక్కర్లేదు, టేపే డిగ్రీలు చెబుతుంది.

వంపు మీద 30 దగ్గర గుర్తుపెట్టి, అక్కడి నుంచి అడ్డగీత మీదికి లంబం దించి కొలిచాం. 28.6కి కొంచెం ఎక్కువ, అంటే వ్యాసార్థంలో సగం. 30 డిగ్రీల సైన్ ½ అని నేర్చుకున్న సంగతి గచ్చు మీద కనిపించింది. 10 దగ్గర లంబం సుమారు 9.95. 5 దగ్గర 4.99, అంటే టేపు మీద 5కీ దానికీ తేడా పట్టుకోలేకపోయాం. వంపు గీత చిన్నదవుతున్నకొద్దీ దాని వంపు పోయి, పక్కనున్న నిలువు గీతతో కలిసిపోతోంది. లంబాన్ని చాపంతో భాగిస్తే 30 దగ్గర 0.955, 10 దగ్గర 0.995, 5 దగ్గర 0.999. పుస్తకంలోని 1 ఇదే.

వృత్తం ఎంత పెద్దదైనా, సెంటీమీటర్లలో కొలిచినా అంగుళాల్లో కొలిచినా లంబానికీ చాపానికీ ఉన్న ఈ నిష్పత్తి మారదు. రెండూ పొడవులే, రెంటినీ ఒకే టేపుతో కొలిచాం.

ఇప్పుడు నిర్వచనాలు చూడండి. సైన్ అంటే లంబం పొడవుని వ్యాసార్థంతో భాగిస్తే వచ్చేది. రేడియన్లలో కోణం అంటే చాపం పొడవుని వ్యాసార్థంతో భాగిస్తే వచ్చేది. ఒకదాన్ని ఇంకోదానితో భాగిస్తే వ్యాసార్థం ఎగిరిపోయి, లంబం బై చాపం మాత్రమే మిగులుతుంది. రేడియన్‌ని ఎంచుకోవడమంటే కోణాన్ని కూడా సైన్‌ని కొలిచిన టేపుతోనే కొలవడం. డిగ్రీ అలాంటిది కాదు. అది వృత్తాన్ని 360 ముక్కలు చేసి ఎన్ని ముక్కలో లెక్కపెడుతుంది. ఆ 360 మనుషులు ఎంచుకున్న సంఖ్యే గానీ వృత్తంలోంచి పుట్టింది కాదు.

వ్యాసార్థం ఒక మీటరైతే ఏమవుతుందో చూస్తే 0.01745 అర్థం కూడా తెలుస్తుంది. ఆ వృత్తం మీద ఒక డిగ్రీ చాపం 1.745 సెంటీమీటర్లు, అంటే 0.01745 మీటరు. 10 డిగ్రీల దగ్గర లంబం 0.1736 మీటరు. దాన్ని 10తో భాగిస్తే 0.01736. ఇక్కడ మనం పొడవుని పొడవుతో కాదు, ముక్కల లెక్కతో భాగించాం. వచ్చిన జవాబు "డిగ్రీకి ఇన్ని మీటర్లు" అన్న రేటు. కోణం చిన్నదయ్యేకొద్దీ ఆ రేటు ఒక డిగ్రీ చాపం పొడవుకే చేరుతుంది. మా అమ్మాయి కాలిక్యులేటర్ తన భాషలో సరైన మాటే చెప్పింది.

పాఠ్యపుస్తకంలోని రుజువు డిగ్రీల్లో కుప్పకూలుతుందేమో అని కూడా ఆమెకి సందేహం వచ్చింది. కూలదు. ఆ రుజువులో మూడు వైశాల్యాలుంటాయి. వ్యాసార్థం 1 అయిన వృత్తంలో లోపలి త్రిభుజం వైశాల్యం sin xలో సగం, వంపుతో కూడిన సెక్టర్ ముక్క దానికన్నా పెద్దది, స్పర్శరేఖ దాకా పోయే బయటి త్రిభుజం ఇంకా పెద్దది, tan xలో సగం. కోణం రేడియన్లలో ఉంటే సెక్టర్ వైశాల్యం సరిగ్గా xలో సగం. అందుకే sin x / x విలువ cos xకీ 1కీ మధ్య ఇరుక్కుంటుంది. x సున్నాకి చేరితే cos x కూడా 1 అవుతుంది కాబట్టి వేరే దారి లేదు. డిగ్రీల్లో మారేది ఒక్కటే, ఆ సెక్టర్ వైశాల్యం πx/360 అవుతుంది. రుజువు అలాగే నడుస్తుంది, రెండు గోడలూ π/180 దగ్గర కలుస్తాయి. రేడియన్ చొరబడే చోటు ఈ ఒక్క వాక్యమే. చాలా పుస్తకాలు దాని మీద ఆగకుండా దాటిపోవడం నాకు బాధగా ఉంటుంది.

డాబా మీద మేం వాడిన 57.3 ఉపాయం నాది కాదు. ఆర్యభటుడు క్రీ.శ. 499 నాటి ఆర్యభటీయంలో ఇచ్చిన జ్యా పట్టిక వెనుక ఉన్నది ఇదే ఆలోచన. ఆయన డిగ్రీల బదులు కళలు తీసుకున్నాడు. డిగ్రీకి 60 కళలు, వృత్తానికి 21,600. పరిధి 21,600 అయితే వ్యాసార్థం ఎంత ఉండాలి? πకి ఆయన ఇచ్చిన 3.1416తో లెక్కేస్తే దాదాపు 3438. పట్టిక కట్టింది ఆ వ్యాసార్థం మీదే. అంటే ఆ వృత్తం మీద ఒక్కో కళ పొడవు ఒక్కో యూనిట్. చాపం, అర్ధజ్య రెండూ ఒకే కొలతలోకి వచ్చేశాయి.

పట్టికలో మెట్టు 225 కళలు, మన లెక్కలో మూడుముప్పావు డిగ్రీలు. మొదటి మెట్టు దగ్గర చాపం 225, అర్ధజ్య కూడా 225. అసలు విలువ 224.86, పూర్ణాంకానికి సవరిస్తే చాపంతో సమానం. రెండో మెట్టు దగ్గర 450కి 449. మూడో దగ్గర 675కి 671. అలా పోయి ఎనిమిదో మెట్టు, అంటే 30 డిగ్రీల దగ్గర 1800కి 1719. భాగించి చూడండి, 0.955. మా గచ్చు మీద వచ్చిన సంఖ్యే. అవధి అన్న భావనని ఆర్యభటుడు చెప్పలేదు. కానీ పట్టికని వెనక్కి చదువుకుంటూ వస్తే ఆ నిష్పత్తి 1కి చేరడం కళ్ళారా కనిపిస్తుంది. రేడియన్ అన్న పేరు మాత్రం చాలా ఆలస్యంగా వచ్చింది. బెల్‌ఫాస్ట్‌లో జేమ్స్ థామ్సన్ 1873లో ఇచ్చిన పరీక్ష ప్రశ్నల్లో అది మొదటిసారి అచ్చయింది.

"డిగ్రీల్లోనూ అవధి ఉంటే రేడియన్లనే పట్టుకుని వేలాడటం ఎందుకు?" అని మా అమ్మాయి వదల్లేదు. మంచి ప్రశ్న. సైన్ అవకలజం cos x అని నేర్చుకుంటాం కదా, ఆ ఫలితం ఈ అవధి మీదే నిలబడి ఉంది. అవధి 1 అయితేనే జవాబు వట్టి cos x. డిగ్రీల్లో అయితే ముందు 0.01745 గుణకం వచ్చి కూర్చుంటుంది. మరిచిపోతే ఏమవుతుందో ఒక లెక్క వేశాం. 30 డిగ్రీల సైన్ 0.5, అక్కడ కొసైన్ 0.866. 31 డిగ్రీల సైన్ అంచనా వెయ్యాలి. ఒక డిగ్రీ ముందుకి జరిగాం కదా అని 0.866ని ఒకటితో గుణించి కలిపితే 1.366 వస్తుంది. సైన్ ఎప్పుడూ 1 దాటదు, కాబట్టి ఎక్కడో పొరపాటు జరిగిందని వెంటనే తెలుస్తుంది. 0.866ని 0.01745తో గుణించి కలిపితే 0.5151. అసలు విలువ 0.5150. రెండోసారి అవకలనం చేస్తే ఆ గుణకం వర్గమై 0.0003 అవుతుంది, మూడోసారి ఘనమవుతుంది. ప్రతి మెట్టులోనూ దీన్ని మొయ్యాలి. రేడియన్లలో మొయ్యాల్సింది 1 కాబట్టి బరువే ఉండదు.

అందుకే కంప్యూటర్ భాషలన్నీ దాదాపుగా సైన్‌ని రేడియన్లలోనే అడుగుతాయి. పైథాన్‌లో `math.sin(30)` అంటే ½ రాదు, -0.988 వస్తుంది. మైనస్ గుర్తు ఉంది కాబట్టి ఈ తప్పు దొరికిపోతుంది. దొరకని తప్పు ఇంకోటుంది: కోణాన్ని రేడియన్లలోకి మార్చేసి, డిగ్రీల మీదున్న కాలిక్యులేటర్లో వెయ్యడం. 30 డిగ్రీలకి బదులు 0.5236 వేస్తే 0.00914 వస్తుంది. చూడటానికి బుద్ధిగానే ఉంటుంది. చిన్న కోణాలతో చేసిన లెక్కలో జవాబు అనుకున్నదానికన్నా 57 రెట్లు తక్కువగానో ఎక్కువగానో కనిపిస్తే ముందు D, R చూసుకోవాలి.

సాయంత్రం మా అమ్మాయి పుస్తకంలో అదే అధ్యాయం చివరి అభ్యాసం తీసి చూపించింది. అందులో x పైన చిన్న సున్నా పెట్టి, sin x° / x అవధి కనుక్కోమని ఒక లెక్క ఉంది. పొద్దున దాన్ని చూసి అచ్చుతప్పనుకుందట. x డిగ్రీలంటే πx/180 రేడియన్లని రాసుకుని, లవహారాలని సర్ది, నాలుగు వరుసల్లో ముగించింది. చివరి వరుసలో π/180 అని రాసి, పక్కన పెన్సిల్‌తో చిన్న అక్షరాల్లో "ఒక డిగ్రీ పొడవు" అని రాసుకుంది.