ప్రాజెక్టు ఇచ్చే ముందు ఒకసారి టిక్కు పెట్టి చూడండి



ప్రాజెక్టు రిపోర్టులో మీ పిల్లలు ‘(కలామ్, తివారీ, 1999)’ అని రాస్తే, ఆ పుస్తకం వివరాలు చివర ఉండే రిఫరెన్సుల జాబితాలో ఉండాలి. అలాగే జాబితాలోని ప్రతి పుస్తకమూ రిపోర్టులో ఎక్కడో ఒకచోట కనిపించాలి.

దీన్ని సరిచూడటానికి ఇద్దరు కావాలి. రిపోర్టు పిల్లల చేతికిచ్చి, జాబితా మీరు పట్టుకోండి. బ్రాకెట్టు వచ్చినప్పుడల్లా పిల్లలు పేర్లు, సంవత్సరం పైకి చదవాలి. రెండూ కలిస్తేనే మీరు జాబితాలో టిక్కు పెట్టాలి. బొమ్మల కింద రాసినవి కూడా వదలొద్దు.

అబ్దుల్ కలామ్ గారి మీద ప్రాజెక్టు అనుకుందాం. జాబితాలో మూడు పుస్తకాలున్నాయి: రాజన్‌తో కలిసి రాసిన ‘ఇండియా 2020’ (1998), తివారీతో కలిసి రాసిన ‘వింగ్స్ ఆఫ్ ఫైర్’ (1999), ఆయనొక్కరే రాసిన ‘ఇగ్నైటెడ్ మైండ్స్’ (2002).

పిల్లలు ‘కలామ్, 1998’ అని చదివారు. సంవత్సరం కలిసింది కదా అని టిక్కు పెట్టకండి. రాజన్ పేరు తప్పిపోయింది, బ్రాకెట్టులో చేర్చించండి. తర్వాత ‘కలామ్, తివారీ, 1989’ వచ్చింది. జాబితాలో 1989 లేదు. పుస్తకం తెరిచి సంవత్సరం చూసి దిద్దించండి.

చివరికి ‘ఇగ్నైటెడ్ మైండ్స్’కు టిక్కు పడలేదు. కంప్యూటర్‌లో Ctrl+F నొక్కి 2002 అని వెతకండి. జాబితాలో తప్ప ఇంకెక్కడా దొరకకపోతే పిల్లల్నే అడగండి. ఆ పుస్తకం గురించిన పేరా కొట్టేసి ఉంటే, జాబితాలోంచీ తీసేయాలి. అందులోని విషయం వాడి బ్రాకెట్టు మరిచిపోయి ఉంటే, అక్కడ చేర్చాలి.

చదివిన పుస్తకాలన్నీ రాయమని టీచరు చెప్పినప్పుడు మాత్రం టిక్కు లేనివీ ఉండొచ్చు.